బిడ్డ కోసం వచ్చే ఫోను, బిడ్డ మాట అయిపోయినా ఆగని ఫోను

ఒంగోలులో ఉండే ఒక జంటను ఉదాహరణగా తీసుకుందాం. భర్తకు ఇది రెండో పెళ్లి. చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో లెక్కలు చూస్తాడు. భార్య ప్రైవేటు స్కూల్లో టీచరు. ఆయన మొదటి భార్య నెల్లూరులో ఉంటుంది. ఎనిమిదేళ్ల కొడుకు ఆమె దగ్గరే పెరుగుతున్నాడు. విడాకులై మూడేళ్లయింది, ఈ పెళ్లి జరిగి ఏడాది. రోజూ రాత్రి తొమ్మిదింటికి నెల్లూరు నుంచి ఫోన్ వస్తుంది. మొదటి ఐదు నిమిషాలు పిల్లాడు మాట్లాడతాడు. తర్వాత ఫోన్ తల్లి చేతికి వెళ్తుంది. ఇంటి ఓనరు అద్దె పెంచమంటున్నాడని, తమ్ముడు తీసుకున్న డబ్బు తిరిగివ్వడం లేదని, రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదని చెబుతూ పోతుంది. భర్త ఫోన్ పట్టుకుని మేడ మీదకు వెళ్తాడు. కిందికి దిగేసరికి తొమ్మిదీ నలభై అవుతుంది.

భార్య మొదటిసారి అడిగినప్పుడు వచ్చిన జవాబు: "పిల్లాడి కోసం మాట్లాడతుండా. దాంట్లో తప్పేముంది?" రెండోసారి: "ఒంటరిగా ఉంది. నేను గాకపోతే ఎవరు చూస్తారు?" మూడోసారి: "నీకు అనుమానం ఎక్కువైంది." ఆ తర్వాత ఆమె అడగడం మానేసి, తొమ్మిది కాగానే టీవీ సౌండ్ పెంచడం మొదలుపెట్టింది.

పాత బంధాల్లో చాలా రకాలున్నాయి. కాలేజీ రోజుల ప్రేమ అయితే, ఇద్దరూ ఒప్పుకుంటే ఆ ఫోన్లు పూర్తిగా ఆపేయవచ్చు. బిడ్డ ఉన్నచోట ఆ దారి లేదు. తండ్రీకొడుకుల మాటలు ఆగకూడదు, ఆపమని అడిగే హక్కు రెండో భార్యకు లేదు. అందుకే ఈ రకాన్నే ఇక్కడ విడిగా చూస్తున్నాం. ఇందులో భర్త చెప్పేది సగం నిజం. ఆ సగం నిజమే మిగతా సగానికి అడ్డు నిలుస్తుంది, అందుకే ఇంట్లో ఎవరికీ ఎటూ తేల్చుకోవడం చేతకాదు.

ఒకే నంబరు నుంచి వచ్చే రెండు ఫోన్లు

రాత్రి తొమ్మిదింటికి వచ్చేది నిజానికి రెండు ఫోన్లు. ఒకటి కొడుకు తండ్రితో మాట్లాడేది. రెండోది విడిపోయిన భార్య మాజీ భర్తతో మాట్లాడేది. నంబరు ఒకటే, సమయం ఒకటే కాబట్టి రెండూ కలిసిపోయి ఒకటిగా కనిపిస్తున్నాయి. భార్య రెండోదాని గురించి అడుగుతుంది. భర్త మొదటిదాని గురించి జవాబు చెబుతాడు. ఆమెకు అన్యాయం జరుగుతున్నట్టు అనిపిస్తుంది, ఆయనకు కొడుకును దూరం చేస్తున్నట్టు అనిపిస్తుంది. ఇద్దరికీ అలా అనిపించడానికి కారణం ఉంది.

ఈ తేడాను సుప్రీంకోర్టు తీర్పు ఒకటి చాలా స్పష్టంగా చూపిస్తుంది. యశిత సాహు కేసులో 2020 జనవరిలో ఇచ్చిన తీర్పులో, బిడ్డ ఎవరి దగ్గర లేడో ఆ తల్లికి గానీ తండ్రికి గానీ, ప్రత్యేక కారణాలు అడ్డు లేకపోతే, రోజూ 5 నుంచి 10 నిమిషాలు బిడ్డతో మాట్లాడే హక్కు ఉండాలని కోర్టు చెప్పింది. ఇప్పుడు వీడియో కాల్ అందరికీ అందుబాటులో ఉంది కాబట్టి దాన్ని వాడుకోవాలని కూడా చెప్పింది. అంటే రోజూ ఫోన్ రావడం అతిగా పోవడం కాదు. దేశంలో అన్నిటికంటే పెద్ద కోర్టే దాన్ని మామూలు విషయంగా చూసింది. అయితే ఆ హక్కు బిడ్డతో మాట్లాడడానికి. విడిపోయిన ఇద్దరు పెద్దవాళ్లు తమ కష్టసుఖాలు చెప్పుకోవడానికి కాదు. ఆ పది నిమిషాలకు రెండో భార్య అడ్డు రాకూడదు. పదకొండో నిమిషం నుంచి జరిగేది మాత్రం ఈ ఇంటి విషయం.

ఇంతవరకే అని గీత గీయాల్సింది ఎవరితో అనేది కూడా ఇక్కడే తేలుతుంది. చాలామంది రెండో భార్యలు నేరుగా మొదటి భార్యకు ఫోన్ చేస్తారు, లేదా మెసేజ్ పెడతారు. అది దాదాపు ఎప్పుడూ బెడిసికొడుతుంది. ఆ మెసేజ్ స్క్రీన్‌షాట్ అయి భర్తకు, ఆయన అక్కాచెల్లెళ్లకు, అటునుంచి బంధువులందరికీ చేరుతుంది. మొదటి భార్యకూ ఈమెకూ మధ్య ఏ ఒప్పందమూ లేదు, ఒకరి మాట ఒకరు వినాల్సిన బాధ్యతా లేదు. ఫోన్ ఎత్తేది భర్త, మేడ ఎక్కేదీ భర్తే. కాబట్టి మాట్లాడుకోవాల్సింది ఆయనతో.

ఆయన ఎందుకు వెనకేసుకొస్తాడు

పాత ప్రేమ మిగిలి ఉండడం ఒక కారణం కావచ్చు. కానీ అదొక్కటే కారణం అనుకుంటే చాలాసార్లు పొరపడతాం. పాత భాగస్వామితో స్నేహం ఎందుకు కొనసాగిస్తారని అమెరికాలో కొందరు మనస్తత్వ పరిశోధకులు 2017లో ప్రచురించిన అధ్యయనంలో నాలుగు కారణాలు తేలాయి. కష్టంలో ఆ మనిషి ఆసరా దొరుకుతుందన్న భరోసా. పిల్లలు, డబ్బు లాంటి అవసరాలు. గొడవ లేకుండా మర్యాదగా ఉండాలన్న కోరిక. ఇంకా తీరని ప్రేమ. భరోసా కోసం, అవసరాల కోసం నిలిచిన స్నేహాల్లో ఫలితాలు కాస్త మెరుగ్గానే కనిపించాయి. తీరని ప్రేమతో కొనసాగినవే ఎక్కువ నష్టం తెచ్చాయి.

మన ఒంగోలు భర్తలో వీటితోపాటు ఆ అధ్యయనంలో లేని ఒకటి బలంగా ఉండవచ్చు. అది భయం. పిల్లాడు ఆమె దగ్గర ఉన్నాడు. ఆమెకు కోపం వస్తే ఆదివారం నెల్లూరు వెళ్లినప్పుడు "వాడికి జ్వరం, పంపను" అంటుంది. అలా ఒకటి రెండుసార్లు జరిగి ఉంటే ఆ నలభై నిమిషాలు ఆయనకు కొడుకును చూడడానికి కట్టే రుసుము లాంటివి అవుతాయి. ఆయన కాపాడుకుంటున్నది ఆమెను కాదు, ఆదివారాన్ని. విడిపోయినందుకు ఆయనలో తప్పు చేసిన భావం ఉంటే అది దీనికి తోడవుతుంది. ఈ భయాన్ని ఆయన భార్యకు చెప్పడు. చెబితే చేతగానివాడిలా కనిపిస్తానని అనుకుంటాడు. దానికి బదులు "ఒంటరిది పాపం" అంటాడు.

ఇది తెలిస్తే అడిగే ప్రశ్న మారుతుంది. "ఆమెతో అంతసేపు ఏం మాట్లాడతారు?" అని అడిగితే ఆయన ఆమె వైపు నిలబడి జవాబు చెప్పాల్సి వస్తుంది. ఎవరి మీదైనా దాడి జరుగుతోందనిపిస్తే, తమకు పెద్దగా ఇష్టం లేకపోయినా వాళ్లను సమర్థించడం మనుషులకు అలవాటు. "ఫోన్ తొందరగా పెట్టేస్తే ఏమవుతుందని మీ భయం?" అని అడిగితే ఆయన తన గురించి చెప్పాలి. మొదటిసారి అడిగినప్పుడే జవాబు రాకపోవచ్చు. కానీ ఆ ప్రశ్నలో మొదటి భార్య మీద నింద లేదు కాబట్టి వెనకేసుకురావడానికి అక్కడ ఎవరూ లేరు.

డిక్రీ కాగితం బయటికి తీయాలి

ఆయన భయానికి మందు మాటల్లో కంటే కాగితంలో ఎక్కువగా దొరుకుతుంది. పరస్పర అంగీకారంతో విడాకులైతే హిందూ వివాహ చట్టం 13బి సెక్షన్ కింద ఇద్దరూ కలిసి పిటిషన్ వేస్తారు. అందులో పిల్లాడు ఎవరి దగ్గర ఉండాలి, తండ్రి ఎప్పుడు చూడాలి, నెలకు ఎంత ఇవ్వాలి అనే షరతులు రాసుకుంటారు. కోర్టు డిక్రీలో అవి చేరతాయి. సాధారణంగా రెండో, నాలుగో ఆదివారాలు తండ్రితో, వేసవి సెలవుల్లో సగం తండ్రి దగ్గర, దసరా ఒక ఏడాది ఇటు, సంక్రాంతి ఒక ఏడాది అటు అన్నట్టు ఉంటాయి. ఆ రోజుల్లో మనసు బాగోలేక సంతకం పెట్టి, తర్వాత ఒక్కసారి కూడా చదవనివాళ్లు చాలామంది. రెండో భార్య ఆ కాగితాన్ని చూసి ఉండకపోవడం మరీ మామూలు.

కాపీ పోయి ఉంటే డిక్రీ ఇచ్చిన కోర్టులో కాపీ అప్లికేషన్ పెట్టి సర్టిఫైడ్ కాపీ తీసుకోవచ్చు. దాన్ని ఇద్దరూ కలిసి కూర్చుని చదవాలి. ఆదివారం పంపాలని డిక్రీలో ఉంటే, పంపకపోవడం ఆమె ఇష్టానికి వదిలిన విషయం కాదు, కోర్టు ఉత్తర్వు ఉల్లంఘన. షరతులు సరిగా రాసుకోకపోతే, పిల్లల సంరక్షణ గురించి కోర్టు ఉత్తర్వులను తర్వాత మార్చమని అదే చట్టం 26 సెక్షన్ కింద అడగవచ్చు. రోజూ వీడియో కాల్ సమయం కూడా అందులో అడగవచ్చు. ఆ పిటిషన్ వేయాల్సింది తండ్రి. రెండో భార్య అందులో పార్టీ కాదు. కోర్టు చూసేది బిడ్డ మేలు ఒక్కటే, ఈ ఇంట్లో ఎవరికి ఎంత టెన్షన్ అన్నది కాదు. పిటిషన్ వేయాల్సిన అవసరం చాలా ఇళ్లలో రాదు. వేసే వీలుందని తెలియడమే ఆ నలభై నిమిషాల పట్టును సడలిస్తుంది.

డబ్బు విషయంలో కూడా ఆ కాగితం సాయపడుతుంది. తల్లి భరణం ఒకేసారి తీసుకుని ఇక ఏమీ వద్దని రాసిచ్చినా, మైనర్ బిడ్డ పోషణ తండ్రి మీద ఉంటుంది. హిందూ దత్తత, పోషణ చట్టం ఆ బాధ్యతను తల్లిదండ్రుల మీద పెట్టింది. కాబట్టి "అన్నీ తేల్చేశాం గదా, ఇంకా స్కూలు ఫీజు ఎందుకు?" అని రెండో భార్య అడగడం న్యాయం కాదు. కానీ తమ్ముడి బాకీ, ఇంటి అడ్వాన్సు ఆ బాధ్యతలోకి రావు.

ఇక్కడే ఒక హెచ్చరిక చెప్పాలి, ఇది మిగతా అన్నిటికంటే ముందు చూసుకోవాల్సింది. పల్లెల్లో ఇప్పటికీ పెద్దమనుషుల ముందు స్టాంపు పేపరు మీద రాసుకుని "విడాకులు అయిపోయాయి" అనుకునేవాళ్లు ఉన్నారు. కులాచారం ప్రకారం విడాకులు చెల్లుతాయని కొన్ని కులాల్లో నిరూపించగలిగితే తప్ప, అలాంటి కాగితంతో హిందూ వివాహం రద్దు కాదు. అది నిరూపించడం కూడా తేలిక కాదు. అలాంటి కాగితం ఒక్కటే ఉంటే చట్టం దృష్టిలో నెల్లూరులో ఉన్న ఆమే భార్య, ఒంగోలులో జరిగిన రెండో పెళ్లి చెల్లదు. అప్పుడు ఫోన్ ఎంతసేపు మాట్లాడాలి అనే చర్చకు అర్థం లేదు. ముందు ఒక న్యాయవాదిని కలవాలి. భర్త మొదటి భార్యను వెనకేసుకురావడం వెనక ఈ భయమే దాగి ఉండే అవకాశం కూడా ఉంది. ఆమె ఫిర్యాదు చేస్తే ఆయన మీద కేసు అవుతుంది.

రెండు వారాల లెక్క

కాగితం సవ్యంగా ఉందనుకుందాం. తర్వాత చేయాల్సింది రెండు వారాలు ఏమీ మార్చకుండా రాసుకోవడం. రాయాల్సింది భర్త. భార్య చాటుగా కాల్ హిస్టరీ తీసి చూడడం కాదు. చాటుగా చూసింది బయటపడితే ఆ రోజు నుంచి చర్చ ఆ ఫోన్ల మీద ఉండదు, ఆమె చేసిన పని మీద ఉంటుంది. ఫోన్ ఎప్పుడు వచ్చింది, పిల్లాడు ఎంతసేపు మాట్లాడాడు, తర్వాత విషయం ఏమిటి, డబ్బు పంపితే ఎంత. ఒక్కో ఫోనుకు ఒక్క వరుస చాలు.

మన ఉదాహరణలో అలా రాస్తే ఇలా తేలిందనుకుందాం. పద్నాలుగు రోజుల్లో మొత్తం తొమ్మిది గంటల మాటలు. అందులో పిల్లాడు మాట్లాడింది గంటన్నర. పిల్లాడి చదువు, జ్వరం, ఫీజు గురించి తల్లి మాట్లాడింది ఒక గంట. మిగతా ఆరున్నర గంటలు ఆమె సొంత విషయాలు. నెల నెలా కట్టే ఎనిమిది వేలు కాకుండా ఫోన్‌పేలో ఐదు వందలు, పదిహేను వందలు చొప్పున నాలుగుసార్లు పంపాడు. ఆ నాలుగూ ఎందుకని చూస్తే రెండు పిల్లాడికి, రెండు కావు.

ఈ లెక్క భార్య గెలవడానికి కాదు. ఆ తొమ్మిది గంటల్లో రెండున్నర గంటలు ఎవరూ ముట్టుకోకూడనివని ఆమె కూడా ఒప్పుకోవాలి. చాలా ఇళ్లలో అదే మొదటి మెత్తదనం తెస్తుంది. తన కొడుకు మాటలను ఆమె గౌరవించిందని తెలిశాక మిగతా ఆరున్నర గంటల వైపు చూడడానికి భర్తకు ధైర్యం వస్తుంది. అప్పుడు భార్య ఇలా అనవచ్చు: "బాబు ఫోన్ చేస్తే నేను కూడా వచ్చి పలకరిస్తా. వాడి ఫీజు ఎప్పుడు కట్టినా నాకు సంతోషమే. ఆమె అద్దె, ఆమె తమ్ముడు, ఆమె నిద్ర మాత్రం రోజూ మన ఇంట్లోకి రాకూడదు. అట్టా వస్తుంటే నేను పక్కన ఉండి కూడా లేనట్టే అనిపిస్తుంది." ఇందులో ఏది సరే, ఏది కాదు అన్నది తేలిపోయింది. "నువ్వు ఆమెను మర్చిపోలేదు" అనే మాట ఇందులో లేదు. ఆ మాటను రుజువు చేయడం గానీ కొట్టేయడం గానీ ఎవరివల్లా కాదు, అది వస్తే చర్చ అక్కడితో ఆగిపోతుంది.

ఒప్పందం చిన్నగా, చూడగానే తెలిసేలా ఉండాలి. సాయంత్రం ఏడున్నరకు పిల్లాడితో వీడియో కాల్, హాల్లో కూర్చుని, పది పదిహేను నిమిషాలు. తల్లి చెప్పాల్సిన స్కూలు, ఆరోగ్యం విషయాలు వాట్సాప్‌లో మెసేజ్‌గా. రాత్రి ఫోన్ పిల్లాడికి ఆపద ఉంటేనే. పోషణ డబ్బు నెలలో ఒక తేదీన బ్యాంకు ద్వారా, అంతకుమించి ఏది పంపినా ముందు ఇంట్లో చెప్పి. ఇంతే. "తక్కువ మాట్లాడాలి" అనే ఒప్పందం పనికిరాదు. తక్కువ అంటే ఎంత అని వారం తిరక్కముందే మళ్లీ గొడవ అవుతుంది.

ఈ మాట మొదటి భార్యకు చెప్పాల్సింది భర్త. ఎలా చెబుతాడన్నదాని మీదే సగం ఫలితం ఆధారపడి ఉంది. "మా ఇంట్లో ఊరుకోవడం లేదు, ఏం చేయమంటావ్" అని చెబితే గీత గీసింది రెండో భార్య, తాను పాపం ఇరుక్కున్నవాడు అన్నట్టు అవుతుంది. మొదటి భార్యకు ఒక శత్రువు దొరుకుతుంది. భర్త ఇద్దరి దగ్గరా మంచివాడిగా మిగులుతాడు. పరిస్థితి ముందుకంటే పాడవుతుంది. ఆయన తన మాటగా రాయాలి. ఇలా రాస్తే సరిపోతుంది: "ఇక నుంచి బాబుతో రోజూ ఏడున్నరకు వీడియోలో మాట్లాడతాను. వాడి చదువు, ఆరోగ్యం విషయాలు ఏవైనా మెసేజ్ పెట్టు, అదే రోజు జవాబిస్తాను. వాడికి ఒంట్లో బాగోలేకపోతే ఏ టైములో అయినా ఫోన్ చెయ్యి. మిగతా విషయాలు మీ తమ్ముడితోనో అమ్మతోనో మాట్లాడుకో. నేను ఇది ఆలోచించే చెబుతున్నాను." కారణాలు అక్కర్లేదు. ఒక్కో కారణం ఒక్కో వాదనకు తలుపు తీస్తుంది.

మొదటి మూడు వారాలు

తర్వాత జరిగేది ముందే తెలిసి ఉండాలి, లేకపోతే ఇద్దరూ బెదిరిపోతారు. ఫోన్లు తగ్గవు, ముందు పెరుగుతాయి. ఎప్పుడూ దొరికే స్పందన ఒక్కసారిగా ఆగిపోతే మనుషులు మానేసే ముందు ఇంకా గట్టిగా ప్రయత్నిస్తారు. మనస్తత్వ శాస్త్రంలో ఇది బాగా తెలిసిన విషయం. రాత్రి తొమ్మిదింటికి ఒకటి బదులు నాలుగు మిస్డ్ కాల్స్ ఉంటాయి. ఐదుసార్లు ఎత్తకుండా ఆరోసారి ఎత్తితే, ఆరుసార్లు చేస్తే ఎత్తుతాడని ఆమెకు నేర్పినట్టే. రోజూ ఎత్తడం కంటే అప్పుడొకసారి అప్పుడొకసారి ఎత్తడం ఆ అలవాటును ఎక్కువ మొండిగా చేస్తుంది. కాబట్టి ఎత్తకూడదనుకుంటే అసలు ఎత్తకూడదు, మెసేజ్‌లో "బాబుకు ఏమన్నా అయిందా?" అని ఒక్క వాక్యం అడగాలి. అవునంటే వెంటనే ఫోన్ చేయాలి. కాదంటే పొద్దున్నే జవాబు.

పిల్లాడి జ్వరం ఈ ఏర్పాటుకు వచ్చే అసలు పరీక్ష. నిజంగా జ్వరమైతే ఎవరూ గడియారం చూడకూడదు. రెండో భార్యే "ముందు ఫోన్ చెయ్యండి" అనాలి. తేడా తెలుసుకోవడం కష్టం కాదు. పిల్లాడి కోసం వచ్చిన ఫోనులో టెంపరేచర్ ఎంత, డాక్టర్ ఏమన్నాడు, ఏ మందు వేశారు అన్న మాటలు ఉంటాయి, ఐదు నిమిషాల్లో ముగుస్తుంది. ఇంకో రకం ఫోనులో జ్వరం మొదటి వాక్యంలో వచ్చి రెండో వాక్యంలో మాయమవుతుంది. ఒకసారి అలా జరిగితే పట్టించుకోనక్కర్లేదు. నెలలో నాలుగు జ్వరాలు వస్తే భర్త ఆదివారం వెళ్లినప్పుడు తానే పిల్లాడిని డాక్టరుకు చూపించడం మేలు. తండ్రిగా అది ఆయన పని, దాంతో ఆ సాకు కూడా పోతుంది.

భర్త వైపు జారుడు ఇంకో రకంగా వస్తుంది. ఇంట్లో ఏడున్నర నియమం నడుస్తుంది, చీమకుర్తి నుంచి తిరిగి వచ్చే దారిలో బండి ఆపి అరగంట మాట్లాడతాడు. పట్టుబడితే "నువ్వు బాధపడతావని చెప్పలా" అంటాడు. ఇది ఫోన్ సమయం కంటే పెద్ద విషయం. ఒప్పందం కష్టంగా ఉందని వచ్చి చెబితే మార్చుకోవచ్చు. దాచితే, ఆ ఫోన్లలో ఏముందో భార్యకు తెలిసే మార్గం లేదు. ఈ ఇంట్లో జరిగిన గొడవ అక్కడ ముందు తెలుస్తోందా, ఇల్లు మారడం, ఉద్యోగం మారడం లాంటివి అక్కడ ముందు చర్చకు వస్తున్నాయా, మెసేజ్‌లు చెరిపేస్తున్నాడా అన్నవి చూడాలి. ఇవి ఉంటే అది పిల్లాడి గురించీ కాదు, జాలి గురించీ కాదు.

ఇదే స్థితి తిరగబడి, భార్య మాజీ భర్త పిల్ల కోసం ఫోన్ చేస్తుంటే, మన దగ్గర జరిగేది వేరు. భర్త ఫోన్ లాక్కోవడం, సిమ్ మార్పించడం, చేయి చేసుకోవడం దాకా పోతుంది. దాన్ని హద్దు పెట్టడం అనరు. గృహహింస చట్టం 2005 ప్రకారం అది హింస కిందికి రావచ్చు. పైన చెప్పిన లెక్క, కాగితం, ఒప్పందం ఆ ఇంట్లో కూడా అలాగే పనిచేస్తాయి, ఇద్దరికీ ఒకే కొలత పెడితే.

మేనరికమైతే

నెల్లూరు, ప్రకాశం వైపు చాలా కుటుంబాల్లో దీన్ని ఇంకా చిక్కు చేసేది మేనరికం. మొదటి భార్య మేనమామ కూతురైతే విడాకులతో పెళ్లి రద్దవుతుంది, చుట్టరికం రద్దు కాదు. ఆమె చిన్నప్పటి నుంచి ఆయన్ను "బావా" అని పిలుస్తుంది, ఇప్పుడూ అలాగే పిలుస్తుంది. ఆయన తల్లి ఆమెకు అత్తగారు కావడానికి ముందే మేనత్త. పెళ్లిళ్లు, కర్మకాండలు, గృహప్రవేశాలు అన్నిట్లో ఆమె ఉంటుంది. రెండో భార్యే ఆ ఇంటికి కొత్త మనిషి. "ఆమె మనింటికి రాకూడదు" అనే షరతు ఇలాంటి చోట నిలబడదు, ఎందుకంటే అది అత్తగారి చేత సొంత అన్న కూతురిని గడప తొక్కొద్దనిపించడం.

ఇక్కడ చేయగలిగింది రెండు సంబంధాలను విడదీయడం. అత్తగారు, మేనకోడలు ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు, అది వాళ్ల విషయం. కానీ అత్తగారి ఫోన్ నుంచి "ఒకసారి బావకియ్యి" అని మాట ఇటు తిరగకూడదు. అది చెప్పాల్సింది కోడలు కాదు, కొడుకు: "అమ్మా, నువ్వు మాట్లాడుకో. నాకు మాత్రం ఇయ్యొద్దు." పెళ్లిలో ఎదురుపడితే పలకరించుకుంటారు, భోజనాల బంతిలో ఒకే వరసలో కూర్చున్నా కొంప మునగదు. భర్త ఆ రోజంతా ఎవరి పక్కన నిలబడ్డాడు, వచ్చినవాళ్లకు భార్యను తానే పరిచయం చేశాడా లేదా అన్నది రెండో భార్యకు ముఖ్యం. అది ముందు రోజే మాట్లాడుకుంటే మండపంలో ముఖం మాడ్చుకునే పరిస్థితి రాదు. మేనరికం లేని ఇళ్లకంటే ఇక్కడ సర్దుబాటుకు ఎక్కువ కాలం పడుతుందని ఒప్పుకోవాలి. కొన్ని ఇళ్లలో అత్తగారి మనసు ఎప్పటికీ మేనకోడలి వైపే ఉంటుంది, దాన్ని ఏ ఒప్పందమూ మార్చలేదు.

భర్త దేనికీ ఒప్పుకోకపోతే

లెక్క రాయను, కాగితం చూపించను, మాట్లాడితే నీకు అనుమానం అంటాను అని భర్త మొండికేస్తే, గీత ఆయనతో గీయడం కుదరదు. అప్పుడు భార్య చేతిలో మిగిలేది తాను ఏం చేస్తానన్నదే. తన జీతం తన ఖాతాలో ఉంచుకుని ఇంటి ఖర్చుకు ఎంతో తేల్చుకోవచ్చు. కొత్తగా ఉమ్మడి అప్పుకు, ఇంటి లోనుకు సంతకం పెట్టకుండా ఆగవచ్చు. ఇవి శిక్షలు కాకూడదు, బెదిరింపులుగా వాడితే విలువ పోతుంది. చెప్పినది చేయాలి, చేయలేనిది చెప్పకూడదు. "ఇంకోసారి ఫోన్ వస్తే పుట్టింటికి పోతా" అని నాలుగుసార్లు అని పోకపోతే ఐదోసారి ఎవరూ వినరు.

మూడో మనిషి కావాలనుకుంటే బంధువులకంటే బయటివాళ్లు నయం. రెండు వైపుల పెద్దలను కూర్చోబెడితే మాట ఫోన్ల నుంచి పెళ్లి ఖర్చుల దాకా పోతుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో కోర్టు కేసు వేయకముందే మధ్యవర్తిత్వం అడగవచ్చు. న్యాయ సేవల చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సాయం ఉంది. ఫోన్ నంబరు 15100. కొట్టడం, గెంటేయడం లాంటివి ఉంటే మహిళా హెల్ప్‌లైన్ 181.

ఒప్పందం కుదిరిన ఇంట్లో మూడు నెలలకొకసారి మళ్లీ రెండు వారాల లెక్క రాసి చూసుకోవడం మంచిది. పిల్లాడు పెరుగుతాడు, అవసరాలు మారతాయి. పన్నెండు, పదమూడేళ్లకు వాడి చేతికి ఫోన్ వస్తే తండ్రికి తానే చేస్తాడు, ఫీజు రసీదు తానే ఫొటో తీసి పంపుతాడు, ఆదివారం ఏ బస్సుకు వస్తాడో తానే చెబుతాడు. అప్పుడు తల్లి ద్వారా వెళ్లాల్సిన మాటలు నెలకు ఒకటో రెండో ఉంటాయి. అప్పటికీ ఆమె నంబరు నుంచి ఫోన్లు ఇంతకుముందులాగే వస్తూ, ఆయన ఇంతకుముందులాగే ఎత్తుతూ ఉంటే, పిల్లాడి కోసం అన్న మాట ఇక ఎవరూ అనలేరు. ఆ రోజు భార్య అడగాల్సిన ప్రశ్న వేరే ఉంటుంది.